ఒక్క ప్రయోజనం, వంద చీటీలు

ప్రశ్న: మాది ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. అన్నదమ్ములం ఇద్దరం 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో బట్టలు ఆరేసుకునే స్టాండ్లు చేస్తున్నాం. సముద్రపు గాలికి తుప్పు పట్టదు, బట్టలకు మరక అంటదు. ఆటోల వెనక, షాపు బోర్డు మీద రాయించడానికి ఒక మంచి నినాదం కావాలి. ఇంటిల్లిపాదీ రెండు రోజులు కూర్చుంటే ఏడు వచ్చాయి, అన్నీ ‘నాణ్యతకు మారుపేరు’ లాంటివే. ఎక్కువ పుట్టించడం ఎలా, అందులో మంచిది ఏరుకోవడం ఎలా? దయచేసి వివరంగా చెప్పగలరు.
– గాజువాక, విశాఖపట్నం

సమాధానం: ఏడింటి దగ్గర ఎందుకు ఆగిపోయారో మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. తుప్పు పట్టకపోవడం స్టీలుకు జరిగే మేలు, మరక అంటకపోవడం చొక్కాకు జరిగే మేలు. ఈ రెండింటినీ మీరు ఒక్క ఊపిరిలో చెప్పేశారు. రెంటినీ ఒకేసారి మోయబోయిన మాట ఎప్పుడూ ‘నాణ్యత’ లాంటి పెద్ద పదం చాటుకు వెళ్లిపోతుంది. అందుకని ముందుగా ఒక కాగితం మీద మీ స్టాండు గుణం రాసి, దాని కింద ‘అయితే ఏమిటి?’ అని ప్రశ్న వేసుకుంటూ మెట్టు మెట్టుగా దిగండి. ఇది 316 స్టీలు. అయితే ఏమిటి? ఉప్పు గాలిని తట్టుకుంటుంది. అయితే ఏమిటి? తడి బట్టకు తుప్పు మరక అంటదు. అయితే ఏమిటి? బట్ట పాడు కాదు. అయితే ఏమిటి? ఇంట్లో అందరికీ సంతోషం. ఈ చివరి మెట్టు సబ్బులవారూ చెప్పుకోవచ్చు, వాషింగ్ మెషీన్లవారూ చెప్పుకోవచ్చు. మొదటి మెట్టు మీకూ స్టీలు అమ్మినవారికీ తప్ప ఎవరికీ పట్టదు. కొనేవారికి అక్కరకొచ్చేదై ఉండి, అదే సమయంలో మీ వస్తువు మాత్రమే చెప్పగలిగిన మెట్టు దగ్గర ఆగాలి. మీ విషయంలో అది మూడోది: తడి బట్టకు తుప్పు మరక అంటదు. ఇక మీదట పుట్టే ప్రతి మాటా ఈ ఒక్క వాక్యం కడుపులోంచే రావాలి.

ఈ వాక్యం దొరికిన వెంటనే కలం పట్టుకోవద్దు. ఒక పూట సముద్రానికి దగ్గరగా ఉన్న వీధుల్లో, లాసన్స్ బే కాలనీలోనో పెదవాల్తేరులోనో, మీకు తెలిసినవారి మేడల మీదికి వెళ్లి బట్టలు ఎలా ఆరేస్తున్నారో చూడండి. నేను చూసినది ఒకటి చెబుతాను. రెండు స్తంభాల మధ్య కట్టిన జీఐ తీగ, దాని మీది జింకు పూత ఉప్పు గాలికి తినేయబడి, అక్కడక్కడా గరుకుగా ఎర్రబారి ఉంది. ఆ ఇంటావిడ బకెట్టు దించి, మొదట ఒక పాత తువ్వాలు తీగ మీద పరిచి, దాని మీద పిల్లవాడి తెల్ల యూనిఫాం చొక్కా వేశారు. ఎందుకమ్మా అని అడిగితే, భుజం దగ్గర సన్నని గోధుమరంగు గీత ఉన్న మరో చొక్కా తెచ్చి చూపించారు. బ్లీచింగ్ వేసి ఉతికితే ఆ గీత ఇంకా ముదిరిందట. అది ఇస్త్రీలో పడిందనుకుని ఇస్త్రీ చేసే ఆయనతో మాటపట్టింపు కూడా వచ్చిందట. తుప్పు మరక విషయంలో అలాగే జరుగుతుంది, బ్లీచింగ్ దాన్ని తొలగించకపోగా మరింత పట్టుకునేలా చేస్తుంది. పాత తువ్వాలు, భుజం మీద గీత, ముదిరిన మరక, ఇస్త్రీ చేసే ఆయనతో వచ్చిన మాటపట్టింపు: ఇవన్నీ ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే తోచేవి కావు. వాళ్లు వాడిన మాటలు వాడినట్టే రాసుకుని రండి. ‘మరక’ అన్నారా, ‘డాగు’ అన్నారా, ‘చిలుం’ అన్నారా, అదీ ముఖ్యమే.

తరువాత చీటీల పని. పోస్టుకార్డులో సగమంత చీటీలు నూట యాభై కత్తిరించి పెట్టుకోండి. ఒక చీటీకి ఒక్క మాట. కాగితం మీద వరుసగా రాస్తే పైనున్న మాట కిందిదాన్ని తనవైపు లాగుతుంది, పైగా తరువాత కలిపి విడదీయడానికి వీలుండదు. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చోవడం మాత్రం మొదటి రోజు మానుకోండి. గుంపుగా కూర్చుని, తీర్పు చెప్పకుండా, తోచిందల్లా చెప్పుకుంటూ పోవాలనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికా ప్రకటనల రంగానికి చెందిన అలెక్స్ ఆస్‌బోర్న్. అందులో ‘తీర్పు చెప్పకుండా’ అన్నది నేటికీ బంగారం లాంటి సలహా. కానీ గుంపు విషయంలో, 1987లో మైఖేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ ష్ట్రోబ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు వేరే సంగతి తేల్చాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు ఆగాలి, ఆగినంతలో తమకు తోచింది జారిపోతుంది. అదే మనుషులు విడివిడిగా రాసి ఆ తరువాత కలిపితే ఎక్కువ ఆలోచనలు వస్తాయి. కాబట్టి మీ అన్నగారు షెడ్డులో, మీరు ఇంట్లో, వేర్వేరుగా రాయండి.

‘మంచి నినాదం రాయాలి’ అని కూర్చుంటే చెయ్యి కదలదు. ఆ ఒక్క ప్రయోజనాన్నే ఒక్కో తలుపులోంచి చూస్తూ, ప్రతి తలుపు దగ్గరా గడియారం పెట్టుకుని ఇరవై నిమిషాలు, పదిహేను చీటీలు అని లెక్క పెట్టుకోవాలి. మీకు ఆరు తలుపులు చాలు: హాని చేసేది ఎవరు, జరిగే నష్టం ఏమిటి, ఆ నష్టం కంటపడే క్షణం ఏది, దాని గురించి మాట్లాడే మనిషి ఎవరు, దాన్ని తప్పించుకోవడానికి చేతులు ఇప్పుడు ఏం చేస్తున్నాయి, చివరగా ఈ పదాలు చెవికి ఎలా వినిపిస్తాయి. ఒక్కొక్కరు రెండు పూటలు కూర్చుంటే, ఇద్దరివీ కలిపి నూట యాభైకి పైనే వస్తాయి. వాటిలో ఒకేలాంటివి తీసేస్తే వంద మిగులుతాయి.

మీకోసం నేనూ ఈ తలుపులు తెరిచి చూశాను, కొన్ని వచ్చినవి వచ్చినట్టే ఇస్తున్నాను. హాని చేసే ఉప్పు గాలి దగ్గర: ‘ఉప్పు గాలికి తుప్పు పట్టదు’, ‘సముద్రం పక్కనున్నా తుప్పు పక్కకు రాదు’, ‘గాలిలో ఉప్పు, బట్టకు లేదు ముప్పు’. నష్టం దగ్గర: ‘ఉతికింది మీరు, మరక చేసింది దండెం’, ‘ఉతికినా పోని మరక ఉతికాకే అంటింది’. క్షణం దగ్గర సోమవారం పొద్దున్న బడికి వెళ్లే హడావిడిని ఊహించుకున్నాను: ‘సోమవారం పొద్దున్న మరక కనిపిస్తే?’, ‘ఎలా ఆరేశామో అలాగే తీయాలి’. మనిషి దగ్గర ఇస్త్రీ చేసే ఆయన గొంతు వినిపించింది: ‘ఈ మరక నాది కాదమ్మా’. మన ఉత్తరాంధ్ర యాసలోనూ ఒకటి వచ్చింది: ‘చొక్కా మీద మరకేటి?’ చేతుల దగ్గర: ‘తువ్వాలు పరవక్కర్లేదు’, ‘తీగ తుడవకుండా ఆరేయండి’. ఇందులో సగానికి సగం పనికిరానివని నాకు తెలుసు, అయినా చీటీ మీద పెట్టాను. పనికిరాని మాటను రాసి పక్కన పెడితే అది దారి వదులుతుంది, మనసులో అణచిపెడితే అక్కడే తిష్ఠ వేస్తుంది. మొదటి ఇరవై ముప్పై చీటీలు దాదాపు ప్రతివారికీ అరిగిపోయిన మాటలే అవుతాయి. మీ ఏడూ ఆ ఇరవైలోవే, అక్కడితో ఆపేశారు, అంతే.

చెవి తలుపు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తెలుగులో రాసేవారికి ఇది వరమూ, వలా కూడా. ‘తుప్పు’ అనే పదం దొరకగానే ఉప్పు, ముప్పు, తప్పు, మెప్పు, ఒప్పు, చెప్పు అన్నీ వరుస కడతాయి. రెండో అక్షరం కలవడం మనకు పద్యాల నుంచి వచ్చిన అలవాటు కాబట్టి, అలా కలిసిన మాట నిజమైన మాటలా, ఎప్పుడో విన్న సామెతలా అనిపిస్తుంది. వల అన్నది అందుకే. ‘గాలిలో ఉప్పు, బట్టకు లేదు ముప్పు’ అన్నదాంట్లో ‘ముప్పు’ కేవలం ప్రాస కోసం వచ్చింది. చొక్కాకు మరక అంటితే దాన్ని ముప్పు అని ఏ ఇంట్లోనూ అనరు. ‘ఉప్పు గాలికి తుప్పు పట్టదు’లో అయితే రెండు పదాలూ ఆ విషయంలోనివే, ప్రాస ఉన్నా లేకపోయినా అక్కడ ఉండవలసినవే. ప్రాస కుదిరిన ప్రతి చీటీకీ ఈ పరీక్ష పెట్టండి: ఆ పదాన్ని మామూలు సంభాషణలో ఈ సందర్భంలోనే వాడతారా? వాడకపోతే చీటీ పక్కకు పోవాలి.

చీటీలన్నీ ఒక డబ్బాలో వేసి రెండు రోజులు ముట్టుకోకండి. రాసిన రోజున మనకు కష్టపడి వచ్చిన మాట మీద మమకారం ఉంటుంది. మూడో రోజున ఆ కష్టం గుర్తుండదు, మాట ఒక్కటే మిగులుతుంది.

ఏరేటప్పుడు మొదట చేయవలసినది పేరు మార్చి చదవడం. ప్రతి చీటీ చివర మీ షాపు పేరు తీసి ఒక సబ్బు పేరో, ఒక ప్లాస్టిక్ తాడు పేరో పెట్టి చదవండి. అప్పుడూ చక్కగా అతికితే ఆ మాట మీది కాదు. ‘నాణ్యతకు మారుపేరు’ మొదటి అడుగులోనే పడిపోతుంది. ‘సోమవారం పొద్దున్న మరక కనిపిస్తే?’ అన్నది కూడా పడిపోతుంది, అది సబ్బులవారి మాట. ఈ ఒక్క జల్లెడతో వంద చీటీలు పాతిక ముప్పైకి దిగుతాయి.

ఆ మిగిలినవాటిలో దాదాపుగా కుదిరినవి కొన్ని ఉంటాయి. వాటిని పారేయకుండా ఒక్కొక్కదానికి అయిదారు తోబుట్టువులను పుట్టించండి. అన్నిటికంటే లాభం ఇక్కడే వస్తుందని నా అనుభవం. ‘ఎలా ఆరేశామో అలాగే తీయాలి’ అన్నదాన్నే చూడండి. భావం సరైనది, స్టాండుకు తప్ప మరి దేనికీ అతకదు, కానీ కంటికి ఏమీ కనిపించదు. ‘ఎలా’ అన్నచోట కనిపించే గుణం పెడితే ‘తెల్లగా ఆరేస్తే తెల్లగా తీస్తాం’ అయింది. ‘తీస్తాం’ అంటే అమ్మేవాడు తీస్తున్నట్టు ఉంది, కాబట్టి ‘తెల్లగా ఆరేయండి, తెల్లగా తీయండి’. ఇంకా ఏదో తక్కువైంది, మధ్యలో మరక అంటుకునే అవకాశం ఉండేదన్న సూచన అందులో లేదు. ఒక్క ‘నే’ చేర్చాను: ‘తెల్లగా ఆరేయండి, తెల్లగానే తీయండి’. ఆ ‘నే’లోనే తుప్పు సంగతంతా ఇమిడిపోయింది.

రెండో జల్లెడ నిజం. ప్రతి మాట వెనకా ‘అని నేను హామీ ఇస్తున్నాను’ అని చేర్చి, కొన్నవారి ముఖం చూస్తూ చెప్పగలరా అని ఆలోచించండి. మీ స్టీలు సంగతి మీకు తెలిసిందే. 304 రకంలో లేని మాలిబ్డినం 316లో రెండు మూడు శాతం ఉంటుంది కాబట్టి ఉప్పును బాగా తట్టుకుంటుంది. అంతమాత్రాన దానికి ఎన్నటికీ ఏమీ కాదని కాదు. ఉప్పు పేరుకుపోయి మంచినీళ్లతో కడగకుండా వదిలేస్తే, ముఖ్యంగా వెల్డింగ్ అతుకుల దగ్గర శుభ్రం చేయడంలో లోపం ఉంటే, సముద్రం దగ్గర 316 మీద కూడా టీ మరకలాంటి గోధుమరంగు వస్తుంది. నట్లు, బోల్టులు తక్కువ రకానివైతే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. ఇది తెలిసినప్పుడు ‘తీగ తుడవకుండా ఆరేయండి’ అన్న చీటీ ఎంత ముద్దొచ్చినా తీసేయాలి, ఎందుకంటే మీరు కొన్నవారికి అప్పుడప్పుడు కడగమనే చెప్పాలి. ‘ఉప్పు గాలికి తుప్పు పట్టదు’ కూడా ఇక్కడ తడబడుతుంది. అది షరతు లేని హామీ. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర ప్రాధికార సంస్థ తయారీదారుకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయగలదు. చట్టం మాట అటుంచినా, బీచ్ రోడ్డులో ఒక్క స్టాండు మీద గోధుమ మచ్చ కనిపించిన రోజున ఆటోల వెనకనున్న ఆ మాటే మీకు ఎదురు తిరుగుతుంది. మరక అంటదన్న మాటను కూడా వాడేముందు సరిచూసుకోండి. సముద్రానికి దగ్గరగా ఉన్న మేడ మీద ఒక స్టాండును వానాకాలమంతా ఆరుబయట వదిలి, మీరు కొన్నవారికి చెప్పబోయే విధంగానే అప్పుడప్పుడు కడుగుతూ, ప్రతి వారం తడిపిన తెల్లగుడ్డను అతుకుల మీద, బోల్టుల మీద రాత్రంతా ఉంచి చూడండి.

ఈ రెండు జల్లెడలు దాటి ఆరేడు మిగులుతాయి. వాటిని ఇంట్లోవాళ్లకు చూపించి ‘ఏది బాగుంది?’ అని అడగడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. నేనూ ఒకప్పుడు ఒక కుర్చీల దుకాణానికి అలాగే ఎంచాను. అడిగినవారంతా గంభీరంగా ఉన్న వాక్యాన్ని మెచ్చుకున్నారు, అదే బోర్డు మీదికి వెళ్లింది. వారం తరువాత ఆ మెచ్చుకున్నవారినే అడిగితే ఒక్కరికీ అది గుర్తులేదు. అందరూ పక్కన పెట్టిన చిన్న వాక్యాన్ని మాత్రం ముగ్గురు పొల్లుపోకుండా చెప్పారు. అప్పటి నుంచి నచ్చిందా అని అడగడం మానేశాను. మీకు బంధుత్వం లేని పన్నెండు మందికి, పూర్ణా మార్కెట్‌లో సామాన్లు అమ్మేవారికో మీ షెడ్డు పక్కవారి ఇళ్లలోనో, ఆ ఆరేడూ ఒకసారి మెల్లగా చదివి వినిపించండి. మొదటిదీ చివరిదీ ఎక్కువగా గుర్తుంటాయి కాబట్టి ఒక్కొక్కరికి వరుస మార్చండి. వేరే కబుర్లు చెప్పి వచ్చేయండి. రెండు రోజుల తరువాత ఫోన్ చేసి, వాటిలో ఏవి గుర్తున్నాయి, అవి ఏ వస్తువు గురించి అని రెండే ప్రశ్నలు అడగండి. రెండోదానికి ‘సబ్బు’ అని జవాబు వస్తే, మాట ఎంత గుర్తున్నా మీకు ఉపయోగం లేదు. వాళ్లు గుర్తున్న మాటను కొంచెం మార్చి చెబితే ఆ మార్పును అలాగే రాసుకోండి. నాలుకకు తేలికైన రూపం చాలాసార్లు అలాగే బయటపడుతుంది.

ఇక రాయించే చోటు. మన అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. ఆటో వెనక ఉన్న కొద్ది జాగాలో వత్తుకు చోటివ్వాలంటే అక్షరం చిన్నది చేయాలి, చిన్నదైతే ఆ వత్తే ముందుగా అలుక్కుపోతుంది. ‘ఉప్పు గాలికి తుప్పు పట్టదు’లో నాలుగు మాటల్లో మూడింటికి వత్తులున్నాయి. ‘తెల్లగా ఆరేయండి, తెల్లగానే తీయండి’లో ఒక్క ‘ల్ల’ మాత్రమే రెండుసార్లు వస్తుంది, మిగతాది పెద్దగా రాసుకోవచ్చు. రాయించేముందు అసలు కొలతలోనే కాగితం మీద రాసి, ఆటోకు అంటించి, ముప్పై అడుగుల దూరం నుంచి విషయం తెలియని మనిషితో చదివించండి.

నా చీటీల్లో చివరికి మిగిలినవి మూడు. ‘ఉతికింది మీరు, మరక చేసింది దండెం’ అన్నది పదునైనది, కానీ దాని కింద మీ పేరు పెడితే మరక చేసేది మీ స్టాండే అని ఒక్క క్షణం అనిపిస్తుంది. ఆటో వెళ్లిపోయాక ఆ క్షణాన్ని సరిదిద్దే అవకాశం ఉండదు. యాసలో వచ్చినదాన్ని నేను ఎంతో ఇష్టంతో ఉంచుకున్నాను, శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా అది ఇంటి మాట. రాజమండ్రి, విజయవాడల్లో కూడా అమ్మే ఉద్దేశం ఉంటే మాత్రం అది బోర్డుకు చాలదు. మీ పన్నెండు మందీ వేరేగా తేలిస్తే వాళ్ల మాటే వినండి. ఈలోగా నా మొగ్గు ‘తెల్లగా ఆరేయండి, తెల్లగానే తీయండి’ వైపు ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో ‘సముద్రపు గాలి తగిలే ఇళ్లకు 316 స్టీలు స్టాండ్లు’ అని ఉంటే కారణం కూడా చెప్పినట్టవుతుంది. ‘ఈ మరక నాది కాదమ్మా’ను పారేయకండి. బోర్డు మీద అది అర్థం కాదు కానీ, ఇస్త్రీ బండ్ల దగ్గర పంచే చిన్న కార్డు మీద ఉంటే, మరక పడిన చొక్కా చేతిలో పట్టుకుని నిలబడ్డవారికి వెంటనే తగులుతుంది. ఆ కార్డు ఇవ్వడానికి ఇస్త్రీ చేసే ఆయన కూడా సంతోషంగా ఒప్పుకుంటారు.